మోసపు ఫోన్ నంబరుపై సైబర్ ఫిర్యాదు: ఏ స్క్రీన్‌షాట్లు తీయాలి, ఏ వివరాలు జత చేయాలి

హాలియా దగ్గరి పల్లెలో ఉండే మా పెద్దనాయనకు ఒక మంగళవారం ఉదయం ఫోన్ వచ్చింది. కరెంటు ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానని చెప్పిన అవతలి మనిషి, పోయిన నెల బిల్లు ఆన్‌లైన్‌లో ఎక్కలేదని, రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటి లైను తీసేస్తారని, ఇప్పుడే ఒక యాప్ పంపుతున్నాను, అందులో పది రూపాయలు కడితే సరిపోతుందని చెప్పాడు. అయిదు నిమిషాల్లో ఇంకో నంబరు నుంచి వాట్సాప్‌లో ఒక ఫైలు, ఒక యూపీఐ ఐడీ వచ్చాయి. బిల్లు కట్టి రశీదును బీరువాలో దాచుకున్న మనిషి కావడంతో పెద్దనాయన ఆ ఫైలును తెరవలేదు. మర్నాడు సాయంత్రం బస్సెక్కి నల్గొండ వచ్చి, ఫోన్ నా చేతికిచ్చి, "ఈ నంబరోని మీద కంప్లైంట్ పెట్టు" అన్నాడు. డబ్బు పోలేదు కనుక ఫిర్యాదు ఎందుకని పక్కనున్నవాళ్లు అన్నారు. అయితే అదే నంబరు ఆ రోజు ఇంకెంతమందికి మోగిందో మనకు తెలియదు. డబ్బు పోకముందే వచ్చే ఫిర్యాదుల వల్లనే అలాంటి నంబర్లు పరిశీలనకు వస్తాయి. ఆ సాయంత్రం మేము ఏమేం చేశామో, ఎక్కడెక్కడ తప్పబోయామో వరుసగా రాస్తున్నాను.

ముందు తేల్చుకోవలసింది: డబ్బు పోయిందా, లేదా

డబ్బు పోయి ఉంటే స్క్రీన్‌షాట్ల కోసం ఆగకుండా వెంటనే 1930కు ఫోన్ చేయాలి. మోసగాళ్లు డబ్బును ఒక ఖాతాలో ఉంచరు, నిమిషాల వ్యవధిలో ఒకదాని నుంచి మరొకదానికి తిప్పేస్తారు. 1930 ద్వారా వెళ్లిన సమాచారంతో బ్యాంకులు ఆ డబ్బును దారిలో ఆపగలవు గానీ, అది ఏటీఎంలో నోట్లుగా మారిపోయాక ఆపడానికి ఏమీ మిగలదు. ఫోన్ చేసేటప్పుడు మీ బ్యాంకు పేరు, పోయిన మొత్తం, సమయం, ఆ చెల్లింపును గుర్తించే పన్నెండంకెల యూటీఆర్ నంబరు చేతిలో ఉండాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఫోన్‌పేలో పైన కనిపించే, టీ అక్షరంతో మొదలయ్యే పొడవైన నంబరు ఆ యాప్ సొంత లెక్క. యూటీఆర్ అదే తెరపై విడిగా, పన్నెండు అంకెలతో ఉంటుంది. గూగుల్ పేలో "UPI transaction ID" అని చూపేది మనకు కావలసింది, అక్షరాలు కలిసిన "Google transaction ID" కాదు.

డబ్బు పోకుండా మోసపు ఫోన్ మాత్రమే వచ్చి ఉంటే రెండు చోట్లున్నాయి. మొదటిది కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీలోని చక్షు విభాగం, చిరునామా sancharsaathi.gov.in. రెండోది కేంద్ర హోంశాఖ ఆధ్వర్యంలోని జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్, చిరునామా cybercrime.gov.in. ఈ రెండూ చేసే పనులు వేరు. చక్షుకు వెళ్లిన నంబరును టెలికాం శాఖ పరిశీలించి, ఆ సిమ్ యజమాని వివరాలను మళ్లీ సరిచూడమని కంపెనీకి చెబుతుంది, సరిచూపులో నిలవకపోతే కనెక్షన్ పోతుంది. అంటే అక్కడ నంబరు మీద చర్య ఉంటుంది గానీ మనిషి మీద దర్యాప్తు ఉండదు. మనిషి మీద చర్య కావాలంటే పోలీసులకు చేరే సైబర్ క్రైమ్ పోర్టల్లో పెట్టాలి. పెద్దనాయన విషయంలో మేము రెండింటిలోనూ పెట్టాము, ఎందుకంటే ఒకసారి సేకరించిన ఆధారాలే రెండు చోట్లా సరిపోతాయి. చక్షులో గడిచిన 30 రోజుల్లో వచ్చిన కాల్స్, సందేశాల గురించే చెప్పగలరు కాబట్టి దాన్ని ఆలస్యం చేయకూడదు.

బ్యాంకు అప్పు ఇస్తామనో, ప్లాటు కొనమనో విసిగించే ఫోన్లు వేరే లెక్క. అవి మోసం కాకపోతే 1909 వైపు వెళ్లవలసినవి, వాటిని ఇక్కడ కలపవద్దు.

కాల్ వివరాలు తీయడం

నేను ఫోన్ అందుకునే సమయానికి మా తమ్ముడి కొడుకు సాయం చేద్దామని ఆ నంబరును "ఫ్రాడ్" అని సేవ్ చేశాడు, బ్లాక్ చేయబోతున్నాడు. రెండూ తొందరపాటే. నంబరును పేరుతో సేవ్ చేస్తే కాల్ జాబితాలో అంకెల స్థానంలో ఆ పేరే కనిపిస్తుంది, అప్పుడు తీసే స్క్రీన్‌షాట్ దేనికీ ఆధారం కాదు. ఆ పేరును తొలగించాకనే నంబరు మళ్లీ బయటపడింది. బ్లాక్ చేయడాన్ని మాత్రం అన్నీ తీసుకున్న తర్వాత చివరి పనిగా పెట్టుకోవాలి.

కాల్ జాబితా తెరను అలాగే ఫొటో తీస్తే సరిపోదు. ఎందుకంటే అక్కడ తేదీకి బదులు "నిన్న" అని ఉంటుంది, వారం తర్వాత ఫిర్యాదు చదివే అధికారికి ఏ నిన్నో తెలియదు. అందుకని ఆ నంబరు పక్కనున్న ఐ గుర్తును నొక్కి కాల్ వివరాల తెరలోకి వెళ్లాలి. అక్కడ పూర్తి నంబరు, కాల్ వచ్చిన సమయం, ఎంతసేపు మాట్లాడారన్నది, అది వచ్చిన కాలా మనం చేసిన కాలా అన్నది ఉంటాయి. పెద్దనాయన ఫోన్‌లో అది ఉదయం 11:42, నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. కొన్ని ఫోన్లలో వివరాల తెర కూడా తేదీ చూపదు. అలాంటప్పుడు తెర తీసిన వెంటనే ఒక కాగితం మీద తేదీ, వారం, సమయం రాసిపెట్టుకోవాలి, రెండు మూడు రోజుల తర్వాత "నిన్న" పోయి తేదీ కనిపించినప్పుడు అదే తెరను ఇంకోసారి తీసి జతచేయాలి.

రెండు సిమ్‌లున్న ఫోన్ అయితే కాల్ ఏ సిమ్‌కు వచ్చిందో చూడాలి. ఇది చిన్న విషయంలా కనబడుతుంది గానీ దర్యాప్తుకు అసలు ముడి ఇక్కడే. పోలీసులు టెలికాం కంపెనీని కాల్ రికార్డు అడిగేటప్పుడు, ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరుకు ఈ సమయంలో కాల్ వెళ్లిందా అని చూస్తారు. పెద్దనాయన అందరికీ ఇచ్చే నంబరు మొదటి సిమ్‌ది. మోసపు కాల్ మాత్రం ఇంటర్నెట్ కోసం వేయించుకున్న రెండో సిమ్‌కు వచ్చింది. ఆ నంబరు ఆయనకే గుర్తు లేదు, సెట్టింగ్స్‌లో వెతికి రాసుకున్నాము. ఫిర్యాదులో మొదటి నంబరు రాసి ఉంటే రికార్డులో ఆ కాల్ కనబడేదే కాదు.

ఈ ఆధారాన్ని కంపెనీ నుంచి తర్వాత తెచ్చుకోవచ్చులే అనుకోవద్దు. మనకు ఇచ్చే బిల్లు వివరాల్లో మామూలుగా మనం చేసిన కాల్సే ఉంటాయి, మనకు వచ్చిన కాల్స్ రికార్డు పోలీసులు అడిగితే కంపెనీ వారికి ఇస్తుంది. ఫోన్‌లోని జాబితా కూడా శాశ్వతం కాదు, కొత్తవి చేరేకొద్దీ పాతవి రాలిపోతుంటాయి.

ట్రూకాలర్ తెరను జత చేయడంలో తప్పు లేదు గానీ, అందులో కనిపించే పేరును నిందితుడి పేరుగా రాయకూడదు. ఆ పేరు ఎవరో తమ ఫోన్‌లో పెట్టుకున్న పేరు కావచ్చు, మోసగాడే పెట్టుకున్నది కూడా కావచ్చు. అంతేకాక, తెరపై కనిపించిన నంబరు వేరొకరిదై ఉండే అవకాశం కూడా ఉంది. ఇంటర్నెట్ ద్వారా విదేశం నుంచి చేసిన కాల్‌ను మన దేశపు నంబరుగా కనబడేట్టు చేయగలరు. అలాంటి కాల్స్ కోసం సంచార్ సాథీలో వేరే విభాగమే ఉంది. అందువల్ల ఫిర్యాదులో "ఫలానా వ్యక్తి ఫోన్ చేశాడు" అని రాయడం కన్నా "నా ఫోన్ తెరపై ఈ నంబరు కనిపించింది" అని రాయడమే నిక్కమైన మాట. ఆ నంబరును గ్రామ వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం, తిరిగి ఫోన్ చేసి తిట్టడం కూడా ఈ కారణం చేతనే మంచిది కాదు.

ఫోన్‌లో కాల్ రికార్డింగ్ దానంతటదే జరుగుతుంటే ఆ ఫైలు చాలా విలువైనది. దాన్ని వాట్సాప్‌లో పంపుకోకుండా, పేరు మార్చకుండా ఉన్నచోటి నుంచే కాపీ చేసుకోవాలి, ఎందుకంటే చాలా ఫోన్లలో ఫైలు పేరులోనే నంబరు, తేదీ, సమయం ఉంటాయి.

వాట్సాప్ వైపు ఆధారాలు

రెండో నంబరు విషయంలో మేము ముందు కొంత తికమకపడ్డాము. వాట్సాప్ కాల్స్, సందేశాలు మామూలు కాల్ రికార్డులోకి రావు. కనుక వాట్సాప్‌లో వచ్చినదాన్ని ఫారంలో "కాల్" అని గుర్తిస్తే, టెలికాం రికార్డులో వెతికినవారికి ఏమీ దొరకదు. చక్షు ఫారం మొదట్లోనే కాల్, ఎస్సెమ్మెస్, వాట్సాప్ అని విడిగా అడుగుతుంది. మాకు రెండు నంబర్లు, రెండు మార్గాలు ఉన్నాయి కాబట్టి చక్షులో రెండు వేర్వేరు నివేదికలు పెట్టాము.

వాట్సాప్ చాట్‌లో పైన ఉన్న పేరు లేదా నంబరు మీద నొక్కితే ప్రొఫైల్ తెరుచుకుంటుంది. అందులో దేశపు కోడ్‌తో సహా పూర్తి నంబరు, పెట్టుకున్న బొమ్మ, రాసుకున్న పేరు ఒకే తెరలో వస్తాయి. మోసగాడు ఏదో ఆఫీసు ముద్రనో అధికారి ఫొటోనో బొమ్మగా పెట్టుకుని ఉంటే, మరొకరిలా నటించాడని చెప్పడానికి ఆ తెరే ఆధారం. వాళ్లు సాయంత్రానికి బొమ్మ మార్చేస్తారు కాబట్టి దీన్ని మొదటే తీయాలి. తర్వాత చాట్‌ను పైనుంచి కిందికి తీయాలి. ప్రతి తెరలోనూ ముందు తెరలోని చివరి సందేశం మళ్లీ కనిపించేట్టు తీస్తే మధ్యలో ఏదీ వదిలేయలేదని తెలుస్తుంది. సందేశం వచ్చిన తేదీ చాట్ మధ్యలో చిన్న పట్టీలా కనబడుతుంది, ఆ పట్టీ ఉన్న తెర తప్పక ఉండాలి.

స్క్రీన్‌షాట్లను కత్తిరించవద్దు, ఎర్ర గీతలు గీయవద్దు, పైన గడియారం, బ్యాటరీ ఉండే వరుసను తీసేయవద్దు. ముఖ్యమైనదాన్ని చూపాలనుకుంటే గీతలు గీసిన కాపీని విడిగా ఉంచుకోవచ్చు గానీ జత చేసేది మాత్రం అసలుదే కావాలి.

ఇక ఆ ఫైలు. పేరు చివర .apk అని ఉంటే అది బిల్లూ కాదు, పత్రమూ కాదు, ఫోన్‌లో ఎక్కే యాప్. దాన్ని తెరవకుండా, ఫైలు పేరు కనబడేట్టు చాట్‌లోనే స్క్రీన్‌షాట్ తీయాలి. సాక్ష్యం కదా అని ఇంట్లోవాళ్లకు ఫార్వర్డ్ చేస్తే, వారిలో ఎవరో ఒకరు నొక్కుతారు. ఒకవేళ ఇప్పటికే ఎక్కించి ఉంటే నెట్ ఆపేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతాను కాపాడుకోవడం ముందు పని, ఫిర్యాదు దాని తర్వాత.

వాట్సాప్‌లోనే ఉన్న రిపోర్ట్ సదుపాయాన్ని అన్నీ తీసుకున్నాకే వాడాలి. దాంతోపాటు చాట్‌ను తొలగించమని కూడా అడిగే వీలు అక్కడే ఉంటుంది, తొందరలో దానికి సరేనంటే సాక్ష్యం మన చేతులతో మనమే చెరిపేసినట్టు.

పోర్టల్లో నింపడం

cybercrime.gov.in తెరిచాక "File a Complaint" దగ్గర మొదలుపెట్టి, మొబైల్ నంబరు, ఓటీపీతో లోపలికి వెళ్లాలి. రాష్ట్రాన్ని ఎంచుకునే చోట తెలంగాణ అని పెట్టాలి. ట్రూకాలర్ బీహార్ అనో రాజస్థాన్ అనో చూపించిందని ఆ రాష్ట్రాన్ని ఎంచుకున్నవాళ్లను నేను చూశాను. అక్కడ అడిగేది ఫిర్యాదుదారు గురించి, ఫోన్ చేసినవాడి గురించి కాదు.

ఘటన జరిగిన తేదీ, సమయం నింపేటప్పుడు ఉదయమా సాయంత్రమా అన్నది సరిచూసుకోవాలి. మధ్యాహ్నం పన్నెండు దాటిన కాల్స్ విషయంలో ఏఎం, పీఎం తారుమారు కావడం మామూలే, అలా జరిగితే పన్నెండు గంటల తేడా వచ్చేస్తుంది. రెండు మూడు కాల్స్ వచ్చి ఉంటే మొదటి కాల్ సమయాన్ని ఇక్కడ పెట్టి, మిగిలినవాటిని వివరణలో రాయాలి.

ఘటనను వివరించే పెట్టెలో కనీసం 200 అక్షరాలు ఉండాలి, #, $, @ వంటి గుర్తులు ఉండకూడదు. ఈ చివరి నిబంధన దగ్గరే మేము పావుగంట ఆగిపోయాము. మోసగాడు పంపిన యూపీఐ ఐడీని అలాగే దించేసరికి అందులోని @ గుర్తు వల్ల ఫారం ముందుకు కదలలేదు. ఐడీని నిందితుడి వివరాలు అడిగే భాగంలో పెట్టి, వివరణలో ఆ గుర్తుకు బదులు "ఎట్" అని మాటలో రాశాక పని జరిగింది. ఫారం ఇంగ్లీషులో ఉండడంతో మేము వివరణనూ ఇంగ్లీషులోనే నింపాము, దాని తెలుగు పాఠం ఇది:

"మంగళవారం ఉదయం 11 గంటల 42 నిమిషాలకు నా రెండో సిమ్ నంబరుకు మొదటి నంబరు నుంచి కాల్ వచ్చింది. కాల్ నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు సాగింది. మాట్లాడిన పురుషుడు హిందీ కలిసిన తెలుగులో తాను విద్యుత్ ఉద్యోగినని చెప్పి, రాత్రి తొమ్మిదిన్నరకు కనెక్షన్ తొలగిస్తామని బెదిరించి, పది రూపాయలు చెల్లించమన్నాడు. 11 గంటల 47 నిమిషాలకు రెండో నంబరు నుంచి వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు, ఒక యూపీఐ ఐడీ వచ్చాయి. నేను ఫైలు తెరవలేదు, డబ్బు చెల్లించలేదు. జతపరచినవి: కాల్ వివరాల తెర ఒకటి, వాట్సాప్ ప్రొఫైల్ తెర ఒకటి, చాట్ తెరలు మూడు."

ఫారంలో మొదటి నంబరు, రెండో నంబరు అన్నచోట అసలు అంకెలు రాయాలి, మంగళవారం పక్కన తేదీ ఉండాలి. కోపం, శాపనార్థాలు, మనం ఊహించిన సంగతులు వివరణలో ఉండనక్కరలేదు. మాట్లాడినవాడి భాష, చెప్పిన ఆఫీసు పేరు, చెప్పిన గడువు మాత్రం ఉండాలి, ఎందుకంటే అదే పాఠం ఇంకో జిల్లాలోని ఫిర్యాదులోనూ కనబడితే రెండూ ఒకే ముఠా పని అని ఊహించడానికి వీలవుతుంది.

నిందితుడి వివరాల భాగంలో పేరు తెలియకపోతే వదిలేయవచ్చు. రెండు నంబర్లనూ విడివిడిగా చేర్చాలి, ఒకే గడిలో కామా పెట్టి రాయకూడదు. ఆధారాల ఫైలు ఒక్కొక్కటి 10 ఎంబీ దాటకూడదు, గుర్తింపు కార్డు ప్రతి 5 ఎంబీ లోపు ఉండాలి. స్క్రీన్‌షాట్లు ఎప్పుడూ అంత పెద్దవి కావు, ఇబ్బంది వచ్చేది కాల్ రికార్డింగుతోనే. అది పెద్దదైతే ఉన్నదని వివరణలో రాసి, ఫోన్‌లోనే భద్రంగా ఉంచి, పోలీసులు అడిగినప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలి. ఫైళ్లకు 1, 2, 3 అని వరుస పెట్టుకుంటే చదివేవారికి కథ క్రమం తెలుస్తుంది.

పంపించాక వచ్చే అక్నాలెడ్జ్‌మెంట్ నంబరును స్క్రీన్‌షాట్ తీసుకోవడంతో పాటు కాగితం మీద కూడా రాసుకోవాలి. తర్వాత ఫిర్యాదు ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి ఆ నంబరే అడుగుతారు.

ఫారం నింపలేనివారికి, తర్వాత జరిగేదానికి

పోర్టల్ నింపడం చేతకాకపోతే 1930కే చెప్పవచ్చు, తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో వాట్సాప్ నంబరు 87126 72222కు సమాచారం పంపవచ్చు, దగ్గరి పోలీసు స్టేషన్‌లో తెలుగులో రాసిన దరఖాస్తు ఇవ్వవచ్చు. మన రాష్ట్రంలో స్టేషన్లలో సైబర్ వారియర్ అని పిలిచే శిక్షణ పొందిన సిబ్బంది ఉంటారు, స్టేషన్‌కు వెళితే వారి కోసం అడగడం మేలు. స్క్రీన్‌షాట్లను ముద్రించి దరఖాస్తుకు జతచేసినా, అసలు ఫోన్‌ను వెంట తీసుకెళ్లాలి. కేసు కోర్టు దాకా వెళ్తే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం అవసరమవుతుంది, అప్పుడు ఆ తెరలు ఏ ఫోన్‌లోనివో చెప్పవలసి వస్తుంది. అందుకని ఫిర్యాదు తేలేదాకా ఆ ఫోన్‌ను రీసెట్ చేయవద్దు, పాత ఫోన్ మార్చి కొత్తది తెచ్చుకునే ఆఫర్లలో ఇచ్చేయవద్దు.

పోర్టల్లో పెట్టిన ఫిర్యాదు ఎఫ్ఐఆర్ కాదు. అది పోలీసులకు చేరాక, వారు చూసి కేసు నమోదు చేయాలా అన్నది నిర్ణయిస్తారు. మరొకరిలా నటించి కంప్యూటర్ లేదా ఫోన్ ద్వారా మోసగించడం ఐటీ చట్టంలోని 66డీ సెక్షన్ కిందికి వస్తుంది, కానీ ఏ సెక్షన్ పెట్టాలన్నది మనం ఫిర్యాదులో రాయవలసిన పని లేదు. డబ్బు పోని ఫిర్యాదుపై ఎవరూ ఫోన్ చేయకపోవడం కూడా ఉంటుంది, అంతమాత్రాన నంబరు చేరలేదని కాదు.

అయితే ఫోన్ వచ్చిందంటే మాత్రం కాస్త ఆగి వినాలి. ఫిర్యాదు పెట్టిన మూడో రోజు పెద్దనాయనకు ఒకడు ఫోన్ చేసి, సైబర్ సెల్ నుంచి మాట్లాడుతున్నానని, కేసు ముందుకు కదలాలంటే ఫైలు ఖర్చు 500 రూపాయలు పంపమని అన్నాడు. పోలీసులకు ఫిర్యాదు పెట్టడానికి రుసుము లేదు. పెద్దనాయన అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు చెప్పమని అడిగితే అవతలివాడు ఫోన్ పెట్టేశాడు. ఆ నంబరుకూ అదే వరుసలో స్క్రీన్‌షాట్ తీసి, ఈసారి ఎవరినీ అడగకుండా ఆయనే చక్షులో పెట్టాడు.